హారికకి నవోదయ సీటొచ్చిందని తెలిసి

సుజాత వదినా,

ఇంటికొచ్చి చెబుదామనుకుంటే మీ గేటుకి తాళం. కొండ బిట్రగుంట గుడికెళ్ళి, అటునుంచటే మీ అమ్మ వాళ్ళ ఊరికి పోయారని పాలాయన చెప్పాడు. వచ్చేదాకా ఆగలేక ఇలా రాస్తున్నా. హారికకి కృష్ణాపురం నవోదయలో ఆరో తరగతి సీటొచ్చిందని విని ఎంత సంతోషమేసిందో! మీ ముగ్గురికీ అభినందనలు.

ఆ పిల్ల కష్టం నేను చూస్తూనే ఉన్నాను. సంక్రాంతి నెలలో నేను ముగ్గేస్తుంటే మీ చేతి అద్దం పట్టుకొచ్చి పక్కన నిలబెట్టింది. "అత్తా, ఇది అద్దంలో ఎటు తిరుగుతుందో ముందు నేను చెప్తా, తర్వాత చూద్దాం" అంది. బొమ్మల ప్రశ్నల్లో అదే అడుగుతారట. నా ముగ్గు ఆరకముందే నాలుగుసార్లు తొక్కిందిలే, అది వేరే సంగతి! పైగా రెండు గంటల్లో 80 ప్రశ్నలంటే పెద్దవాళ్ళకే చెమటలు పడతాయి. తను మాత్రం పరీక్ష రాసొచ్చి, "లెక్కల్లో ఒకటి తప్పు పెట్టానత్తా" అని నిదానంగా చెప్పి బజ్జీ తిన్నది. నాకు బాగా నచ్చింది ఆ నిదానమే.

రాత్రి కుట్టుమిషన్ ఆపేసి నువ్వు ప్రశ్నలు చదివి వినిపించడం, పొద్దున్నే అన్నయ్య ఆటో తీసేలోపు ఎక్కాలు అప్పజెప్పించుకోవడం మా వంటింట్లోకి వినిపించేవి. అందుకే అభినందనలు ముగ్గురికీ అన్నాను.

పిల్లని హాస్టల్లో వదలాలంటే నీకు గుబులుగానే ఉంటుంది. సీటొచ్చింది కదా, ఏడుపెందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఏడుపొస్తే ఏడువు. పన్నెండో తరగతిదాకా చదువు, తిండి, ఉండటం అన్నీ అక్కడే కాబట్టి ఖర్చు టెన్షన్ అయితే లేదు.

ఊరి నుంచి రాగానే కాయితాల పని చూసుకో. 3, 4, 5 తరగతుల స్టడీ సర్టిఫికెట్ బడిలో ముందే అడిగి పెట్టు, సెలవులిచ్చాక హెడ్మాస్టర్ గారు దొరకరు. జిరాక్సులకి కావలి వెళ్ళాల్సొస్తే నేనూ వస్తా. మా అటక మీద ఓ ట్రంకు పెట్టె ఉంది, గడియ గట్టిదే. హారికకి పనికొస్తుందనుకుంటే దింపి తుడిపిస్తా. కొత్తది కొనాలనుకుంటే మొహమాటపడకుండా చెప్పు.

మావాడు పొద్దున్నించీ ఒకటే అడుగుతున్నాడు: హారిక వెళ్ళేముందు క్యారమ్స్ ఆట ఒకటి బాకీ ఉందట, ఎప్పుడొస్తుందని. తనకి చెప్పు.

మీ తమ్ముడు నెల్లూరు నుంచి మలై కాజా తెచ్చారు. హారిక కోసం విడిగా డబ్బాలో పెట్టాను. ఎల్లుండిలోపు వచ్చేయండి, ఆ తర్వాత అది నిలవుండదు.

నీ
పక్కింటి పద్మ