మా ఖాతాదారులకు: మీ వివరాలు బయటికి పోయాయి

భీమవరం
రొయ్యల చెరువుల రైతు సోదరులకు,

మొన్న సోమవారం సాయంత్రం మా మేత దుకాణం ఫోనుకి వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. కౌంటర్లో కుర్రాడు నొక్కేశాడు. తప్పు వాడిది కాదు, అరువు ఖాతాలన్నీ ఆ ఒక్క ఫోన్లోనే ఉంచిన నాది. మీ పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, మేత బాకీ, ఆధార్ జిరాక్సుల ఫొటోలు ఆ ఫైలు పంపిన మోసగాళ్ల చేతికి చిక్కాయి. మీ యూపీఐ పిన్ గానీ ఓటీపీలు గానీ మేమెప్పుడూ తీసుకోలేదు, అవి పోలేదు.

ఇప్పటికే ఇద్దరు రైతులకు ఫోన్లు వచ్చాయి. "పట్టుబడి అయిందిగా, బాకీ ఈ కొత్త ఖాతాలో వేయండి" అన్నారట. బాకీ ఎంతో రూపాయితో సహా చెప్పారు, అందుకే నమ్మబుద్ధేస్తుంది. మా ఖాతా మారలేదు. ఎవరడిగినా వేయకండి. బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేయండి, లేదా దుకాణానికే రండి.

డబ్బు పోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. మీ వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. చేతకాకపోతే ఫోన్ పట్టుకుని రండి, దగ్గరుండి చేయిస్తాం.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. జిరాక్సుల ఫొటోలు ఇక ఫోన్లో ఉంచం.

మీ నమ్మకాన్ని కాపాడలేకపోయాను, క్షమించండి.

దుకాణం యజమాని