అటక మీద దొరికిన టెలిస్కోపు ఏ రకమో చెప్పగలరా?

ఖగోళ క్లబ్ కార్యదర్శి గారికి, సభ్యులందరికీ నమస్కారం.

పోయిన నెలలో పైకప్పు మరమ్మతు కోసం మా పాత ఇంటి అటక ఖాళీ చేస్తుంటే ఒక చెక్కపెట్టె బయటపడింది. అందులో బట్టలో చుట్టిన ఇత్తడి టెలిస్కోపు ఉంది. అది ఎవరిదో, ఎప్పుడు తెచ్చారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. మా పెద్దనాన్న మాత్రం, తన చిన్నప్పుడే ఆ పెట్టె అక్కడ ఉండేదని, ముట్టుకుంటే చీవాట్లు పడేవని చెప్పారు. ఈ ఉత్తరంతో తొమ్మిది ఫోటోలు జత చేస్తున్నాను. ధర ఎంత పలుకుతుందో నాకు అక్కర్లేదు, అమ్మే ఉద్దేశమూ లేదు. ఇది ఏ రకం టెలిస్కోపో తెలిస్తే చాలు. తెలుసుకోవాలన్న తొందర కూడా ఉంది. ఎందుకో చివర్లో చెబుతాను.

మొదటి ఫోటోలో మొత్తం కనబడుతుంది. కొలత తెలియడానికి పక్కన స్కేలు పెట్టాను. గొట్టం పొడవు 46 సెంటీమీటర్లు, బయటి వ్యాసం 8 సెంటీమీటర్లు. వెనుక నుంచి సన్నటి ఐపీస్ గొట్టం ఇంకో 9 సెంటీమీటర్లు పొడుచుకొచ్చింది. కింద నిలువు స్తంభం, దానికి మడత పడే మూడు వంపు కాళ్లు. బల్ల మీద పెట్టి చూసేలా ఉంది. రెండు, మూడు ఫోటోలు స్టాండువి. అందులో విశేషం ఏమీ లేదు, ఒక కాలి మర వదులైంది, అంతే.

ఐపీస్ వెనుక ఉంది కాబట్టి ముందు వైపు పెద్ద లెన్స్ ఉంటుందనుకున్నాను. మూత తీసి చూస్తే ఏమీ లేదు, ఖాళీ గొట్టం. లెన్స్ ఎప్పుడో పగిలి పడిపోయిందనుకుని బాధపడ్డాను కూడా. తర్వాత టార్చి వేసి చూస్తే (4వ ఫోటో) లోపల ఒక సన్నటి చేయి మీద గుండ్రటి చిన్న బిళ్ల వేలాడుతోంది. దాని ముఖం మనవైపు కాదు, అడుగు వైపు. అడుగున గొట్టమంతా నిండేలా మరో అద్దం, దాని నడుమ రూపాయి బిళ్లకన్నా చిన్న రంధ్రం. అప్పుడు అర్థమైంది, ఇది లెన్స్ టెలిస్కోపు కాదు, అద్దాల టెలిస్కోపు. న్యూటన్ పద్ధతిలో అయితే ఐపీస్ పక్కకు ఉండాలి కదా, ఇక్కడ వెలుతురు పెద్ద అద్దం మీద పడి, చిన్న అద్దానికి వెళ్లి, మళ్లీ పెద్ద అద్దం నడిమి రంధ్రంలోంచి వెనక్కి వస్తోంది. కాబట్టి న్యూటోనియన్‌ను పక్కన పెట్టేశాను. మిగిలింది గ్రెగోరియనా, కాసెగ్రెయినా అన్న ప్రశ్న.

నాకు తెలిసినంతలో తేడా చిన్న అద్దంలోనే ఉంది. గ్రెగోరియన్‌లో అది పుటాకారం, అంటే లోపలికి గుంట. పెద్ద అద్దం వెలుతురును ఒకచోట చేర్చిన తర్వాత, ఆ చోటు దాటాక ఉంటుంది. అందుకే బొమ్మ రెండుసార్లు తిరగబడి చివరికి నిటారుగా వస్తుంది. కాసెగ్రెయిన్‌లో చిన్న అద్దం కుంభాకారం, ఉబ్బెత్తు. వెలుతురు ఒకచోట చేరకముందే అడ్డం వస్తుంది. అందువల్ల గొట్టం పొట్టిగా ఉంటుంది, బొమ్మ మాత్రం తలకిందులుగా కనిపిస్తుంది. మరి దీనిలో? మేడ మీద నుంచి దూరంగా ఉన్న ఒక బోర్డు వైపు తిప్పాను. అక్షరాలు తిన్నగా, ఎడమ కుడి కూడా మారకుండా కనిపించాయి. మసకగా ఉన్నాయి కానీ చదవగలిగాను. అంటే లోపల ఉన్న అద్దం గుంట అద్దమే అయి ఉండాలి, టెలిస్కోపు గ్రెగోరియన్ అయి ఉండాలి.

ఇక్కడితో ఆగితే నేను మీకు ఉత్తరం రాసేవాణ్ని కాదు.

ఆరో ఫోటో చూడండి. పెట్టెలో ఒక మూల గూడులో ఇంకో చిన్న అద్దం ఉంది, గొట్టంలో ఉన్నలాంటి చేతికే బిగించి. దీన్ని చేత్తో పట్టుకోవచ్చు కాబట్టి చిన్న పరీక్ష చేశాను. చేయి చాచినంత దూరంలో పెన్సిల్ పెట్టి అందులో దాని ప్రతిబింబం చూశాను. గుంట అద్దమైతే ఆ దూరంలో పెన్సిల్ తలకిందులుగా కనబడాలి. ఇందులో నిటారుగా, చిన్నదిగా కనబడింది. దగ్గరికి తెచ్చినా నిటారుగానే ఉంది. అంటే ఇది ఉబ్బెత్తు అద్దం! గ్రెగోరియన్ టెలిస్కోపు పెట్టెలో కాసెగ్రెయిన్ అద్దానికి ఏం పని? వేరే టెలిస్కోపుది ఏదో ఇందులోకి వచ్చి చేరిందా అనుకున్నాను. కానీ గూడు ఆ అద్దానికి సరిగ్గా సరిపోయేలా చెక్కి ఉంది, చేయి వెడల్పు, మర బిగించే చోటు కూడా రెండింటికీ ఒక్కటే.

ఏడో ఫోటో కూడా ఇదే అనుమానానికి బలం ఇస్తోంది. గొట్టం పక్కన పొడవుగా ఒక కడ్డీ ఉంది, ఐపీస్ దగ్గర దాని కొసన ఒక బొడిపె. దాన్ని తిప్పితే లోపలి చిన్న అద్దం ముందుకూ వెనక్కూ జరుగుతుంది, అదే ఫోకస్. బోర్డు నుంచి చంద్రుడి దాకా ఫోకస్ మార్చడానికి ఒక సెంటీమీటరు కూడా జరపాల్సి రాలేదు. అలాంటప్పుడు చిన్న అద్దం చేయి కదిలే చీలిక మాత్రం 16 సెంటీమీటర్లు ఎందుకు పెట్టారు? ఉబ్బెత్తు అద్దం పెడితే అది పెద్ద అద్దానికి చాలా దగ్గరగా రావాలి కాబట్టి, ఆ చోటు కోసమే ఇంత పొడవు వదిలారని నా ఊహ. అదే నిజమైతే ఒకే గొట్టాన్ని రెండు విధాలుగా వాడుకునేలా చేశారన్నమాట. నేలమీద వస్తువుల కోసం గుంట అద్దం, ఆకాశం కోసం ఉబ్బెత్తు అద్దం. మార్చి బిగించి చూడలేదు. మర బిగుసుకుపోయింది, బలవంతం చేస్తే విరుగుతుందని భయం.

అద్దాల గురించి ఇంకొంచెం. పెద్ద అద్దం గాజుది కాదనుకుంటున్నాను. అంచున చిన్న పెచ్చు ఊడిన చోట (5వ ఫోటో, దగ్గరగా తీసినది) గాజు మెరుపు లేదు, బూడిదరంగు లోహపు గరుకు కనబడుతోంది. టార్చి వెలుగు కూడా ఒక్కసారే ప్రతిఫలిస్తోంది. వెనుక పూత పూసిన గాజు అద్దమైతే పక్కన మసకగా రెండో చుక్క కూడా కనబడేది. రాగి, తగరం కలిపిన స్పెక్యులం లోహమే అయి ఉంటుంది. గాజు మీద వెండి పూత పూసిన అద్దాలు టెలిస్కోపుల్లోకి 1850లలో వచ్చాయి కదా, కాబట్టి ఇది అంతకు ముందుదేమో అన్న ఆశ పుట్టింది. గ్రెగరీ 1663లో ఈ పద్ధతిని వివరించినా, ఇలాంటివి ఎక్కువగా తయారైంది 18వ శతాబ్దంలోనే. ఆ కాలంలో వీటికి పేరుపడ్డ జేమ్స్ షార్ట్ తన టెలిస్కోపుల మీద పేరు, సంఖ్యలు చెక్కేవాడని చదివి దీని వెనుక పలక మొత్తం భూతద్దంతో వెతికాను. ఏ పేరూ లేదు. ఉన్నదల్లా పలక అంచున రెండు చుక్కలు, వాటికి ఎదురుగా గొట్టం మీద రెండు చుక్కలు (8వ ఫోటో). మళ్లీ బిగించేటప్పుడు సరిపోల్చుకోవడానికి పెట్టిన గుర్తులయి ఉంటాయి. మరల తలలు ఒక్కొక్కటి ఒక్కో తీరున ఉన్నాయి, గాట్లు సరిగ్గా నడుమ లేవు. యంత్రం మీద చేసినట్టు అనిపించలేదు.

ఐపీస్‌లో రెండు లెన్స్‌లు ఉన్నాయి, కన్ను ఆనించే చోట సూదిమొనంత రంధ్రం. మొదట అందులో చెత్త అడ్డుపడిందేమో అనుకుని అగ్గిపుల్లతో పొడవబోయాను, అదృష్టవశాత్తూ మా చెల్లి ఆపింది. పక్క వెలుతురు రాకుండా అలా చిన్నగా పెట్టేవారని తర్వాత తెలిసింది. ఎంత పెద్దగా చూపిస్తుందో కూడా ఉజ్జాయింపుగా లెక్క కట్టాను. దూరంగా ఉన్న ఒక ఇటుక గోడను ఒక కంటితో టెలిస్కోపులో, రెండో కంటితో మామూలుగా ఒకేసారి చూశాను. లోపల ఒక ఇటుక వరుస బయట సుమారు 40 వరుసల ఎత్తున ఉంది. చంద్రుడు అంచులు తగిలేలా సరిపోయాడు. బిలాలు తెలిశాయి, కానీ అంతా పసుపు పొగలోంచి చూసినట్టుంది.

పెట్టెలో నల్లటి గాజు బిగించిన చిన్న మూత కూడా ఒకటి ఉంది (9వ ఫోటో), ఐపీస్‌కు సరిపోతుంది. సూర్యుణ్ని చూడటానికే అయి ఉంటుంది. అలాంటివి వేడికి పగిలితే కన్ను పోతుందని తెలుసు కాబట్టి దాన్ని వేరే డబ్బాలో పెట్టి పిల్లలకు అందకుండా దాచాను. ఈ విషయంలో నాకు సలహా అక్కర్లేదు, దాని జోలికి వెళ్లను.

ఇక తొందర ఎందుకంటే, మా బావ. ఇత్తడి ఏది కనబడినా మెరిపించకపోతే ఆయనకు నిద్ర పట్టదు. గొట్టంతో పాటు లోపలి అద్దాన్ని కూడా పాలిష్ పెట్టి తళతళలాడించేస్తానని రెండు ఆదివారాలుగా అంటున్నారు. లోహపు అద్దాన్ని రుద్దితే దాని వంపే పాడైపోతుందని నేను చెబితే, “నువ్వు ఎక్కడో చదివిన మాట కాదు, తెలిసినవాళ్లు చెప్పాలి” అంటున్నారు. మీ జవాబు ఆయనకు చూపిస్తాను. అంతవరకు పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది.

కాబట్టి మీరు చెప్పవలసిందల్లా ఇది. ఇది గ్రెగోరియనేనా, లేక అద్దం మార్చి రెండు విధాలుగా వాడేలా చేసిన టెలిస్కోపా? ఇలాంటిది మీలో ఎవరైనా చూశారా? ఫోటోల్లో సరిపోనిది ఏదైనా ఉంటే ఏ కోణం నుంచి తీయాలో చెప్పండి, మళ్లీ తీసి పంపుతాను. మీ నెలవారీ సమావేశానికి తీసుకురమ్మన్నా తెస్తాను, కాకపోతే బయటి నుంచి చూడటమే, విప్పడం మాత్రం అందరం ఒప్పుకున్నాకే.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మీ క్లబ్‌లో చేరాలనుకుంటున్న ఒక ఔత్సాహికుడు

తా.క. ఉత్తరం ముగించాక చీలిక లోపలి అంచును మళ్లీ టార్చితో చూశాను. చేయి ఇప్పుడున్న చోటే కాకుండా, దానికి సుమారు 12 సెంటీమీటర్లు వెనుక, పెద్ద అద్దం వైపు, ఇత్తడి మీద ఇంకో అరుగుదల గీత ఉంది. అక్కడ కూడా చేయి చాలాకాలం నిలిచి ఉన్నట్టుంది. దాని ఫోటో సరిగ్గా రాలేదు, పగటి వెలుతురులో తీసి రేపు విడిగా పంపుతాను.