కాంతి అసైన్‌మెంట్: దర్పణాలు, కటకాల కిరణ చిత్రాలు, వాటి వివరణ

సార్, బొమ్మలు అయిదూ వెనక పేజీల్లో ఉన్నాయి. బొమ్మ మూసేసి వివరణ మాత్రమే చదివినా మళ్ళీ అదే బొమ్మ గీయగలిగేలా రాయమన్నారు కాబట్టి, ప్రతి కిరణం ఎక్కడ మొదలై ఎక్కడ తగిలి ఎటు పోయిందో రాశాను. అన్నిటికీ ఒకటే పద్ధతి. వెలుగు నిజంగా ప్రయాణించిన దారి నిండు గీత, బాణం గుర్తుతో. వెలుగు వెళ్ళకపోయినా మన కంటికి అక్కణ్ణుంచి వచ్చినట్టు అనిపించే దారి చుక్కల గీత, బాణం లేకుండా. ఈ తేడా సరిగ్గా చూపిస్తే నిజ ప్రతిబింబమా, మిథ్యా ప్రతిబింబమా అన్నది బొమ్మే చెప్పేస్తుంది.

కొలత: ప్రధాన అక్షం వెంబడి కాగితం మీద 1 సెం.మీ. అంటే నిజంగా 2 సెం.మీ. ఎత్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. అందుకని బొమ్మలో కోణాలు అసలు కోణాలు కావు, కానీ ప్రతిబింబం స్థానం, ఎత్తు చెడవు.

1. పుటాకార దర్పణం. నాభ్యంతరం 10 సెం.మీ., వస్తువు 15 సెం.మీ. దూరంలో, ఎత్తు 2 సెం.మీ.

దర్పణాన్ని వంపుగా కాకుండా ధ్రువం దగ్గర నిలువు గీతగా గీశాను, వెనక వైపు చిన్న చిన్న ఏటవాలు గీతలు పెట్టాను. కారణం ఉంది. వక్రతా వ్యాసార్థం 20 సెం.మీ. కదా, అక్షానికి 2 సెం.మీ. ఎత్తులో అద్దం ధ్రువం కంటే సుమారు 1 మి.మీ. ముందుకు వస్తుంది, 4 సెం.మీ. దగ్గరికి వచ్చేసరికి అదే 4 మి.మీ. అవుతుంది. మనం వాడే సూత్రం అక్షానికి దగ్గరగా పోయే కిరణాలకే సరిపోతుంది కాబట్టి, వంపుగా గీసి పెద్ద కిరణాలు లాగితే మూడు గీతలూ ఒక్క చోట కలవవు, తప్పు మనదేమో అని టెన్షన్ పడతాం.

మొదటి కిరణం వస్తువు కొన నుంచి అక్షానికి సమాంతరంగా వెళ్ళి 2 సెం.మీ. ఎత్తులో అద్దానికి తగిలి, నాభి గుండా వెనక్కి వచ్చింది. రెండోది కొన నుంచి నాభి గుండా వెళ్ళి అక్షానికి 4 సెం.మీ. కింద తగిలి, అక్కణ్ణుంచి సమాంతరంగా వెనక్కి వచ్చింది. మూడోది ధ్రువానికి తగిలి, వచ్చినంత కోణంలోనే అక్షం కింది వైపుకు పోయింది. వక్రతా కేంద్రం కిరణం కావాలనే వదిలేశాను, అది అద్దాన్ని 8 సెం.మీ. ఎత్తులో తాకాలి, అంత పొడుగు అద్దం గీస్తే బొమ్మ పాడవుతుంది. మూడు నిండు గీతలూ అద్దానికి 30 సెం.మీ. ముందు, అక్షానికి 4 సెం.మీ. కింద కలిశాయి.

సరిచూసుకోవడానికి: 1/v + 1/u = 1/f లో u = −15, f = −10 వేస్తే v = −30, ఆవర్ధనం −2. నిజ ప్రతిబింబం, తలకిందులు, రెట్టింపు పెద్దది. వెలుగు నిజంగానే అక్కడికి చేరుతోంది కాబట్టి తెర పెడితే పడుతుంది.

2. అదే దర్పణం, వస్తువు 5 సెం.మీ. దగ్గర.

సమాంతర కిరణం నాభి వైపు, ధ్రువం కిరణం కిందికి పోయాయి, అద్దం ముందు ఈ రెండూ విడిపోతూనే ఉన్నాయి, ఎంత దూరం పొడిగించినా కలవవు. అందుకని రెండిటినీ అద్దం వెనక్కి చుక్కలతో లాగాను. 10 సెం.మీ. వెనక, 4 సెం.మీ. ఎత్తులో కలిశాయి. ప్రతిబింబం బాణం కూడా చుక్కలతోనే గీశాను. మిథ్యా ప్రతిబింబం, నిటారు, రెట్టింపు.

3. కుంభాకార దర్పణం. నాభ్యంతరం 15 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో, ఎత్తు 3 సెం.మీ.

సమాంతర కిరణం 3 సెం.మీ. ఎత్తులో తగిలి పైకి విడిపోయింది, దాన్ని వెనక్కి లాగితే అద్దం వెనకున్న నాభికి చేరింది. ధ్రువం కిరణం కిందికి పోయింది, దాని చుక్కల గీత వెనక పైకి లేచింది. రెండూ 10 సెం.మీ. వెనక, 1 సెం.మీ. ఎత్తులో కలిశాయి. మిథ్యా, నిటారు, మూడో వంతు. అంబాజీపేట వైపు కాలువ గట్టు రోడ్డు మలుపుల్లో పెట్టే అద్దం ఇదే రకం. ఎదురొచ్చే కొబ్బరికాయల ట్రాక్టర్ అందులో చిన్నగా కనిపిస్తుంది, కానీ ఎంత దూరంలో ఉన్నా ప్రతిబింబం ధ్రువానికీ నాభికీ మధ్యనే ఉంటుంది కాబట్టి చాలా మేర రోడ్డు ఒకేసారి చూడొచ్చు. చిన్నగా ఉంది కదా అని దూరంగా ఉందనుకోకూడదు.

4. పుటాకార కటకం. నాభ్యంతరం 12 సెం.మీ., వస్తువు 24 సెం.మీ. దూరంలో, ఎత్తు 3 సెం.మీ.

ఈ బొమ్మ చూసి చాలామంది తికమక పడతారు. సమాంతర కిరణం కటకం దాటాక పైకి విడిపోయింది, దాని చుక్కల గీతను వస్తువు వైపున్న నాభి దాకా వెనక్కి లాగాను. దృక్ కేంద్రం గుండా పోయిన కిరణం మాత్రం వంగకుండా తిన్నగా పోయింది, అది మొదటి నుంచి చివరిదాకా నిండు గీతే. కాబట్టి ఇక్కడ ప్రతిబింబం ఒక చుక్కల గీత, ఒక నిండు గీత కలిసే చోట వచ్చింది: కటకానికి ముందు 8 సెం.మీ., ఎత్తు 1 సెం.మీ. ఒక గీత నిండుగా ఉన్నంత మాత్రాన నిజ ప్రతిబింబం అయిపోదు, ఆ బిందువు దగ్గర వెలుగులన్నీ వచ్చి కలవాలి. అక్కడ కలవడం లేదు, ఒక కిరణం అటుగా వెళ్తోందంతే. మిథ్యా, నిటారు, మూడో వంతు.

5. కుంభాకార కటకం, సగం మూస్తే ఏమవుతుంది?

ముందు నాభ్యంతరం కొలిచాను. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర కటకం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపితే, దొడ్లో కొబ్బరి చెట్ల తలలు గోడ మీద కిందికి వేలాడుతూ, ఆకుల చీలికలతో సహా స్పష్టంగా పడ్డాయి, గాలికి ఊగుతుంటే ఆ బొమ్మా ఊగింది. అప్పుడు గోడకీ కటకానికీ మధ్య దూరం 10 సెం.మీ.

వస్తువు 30 సెం.మీ. దూరంలో, ఎత్తు 4 సెం.మీ. కాగితం అడ్డంగా తిప్పి గీశాను. సమాంతర కిరణం 4 సెం.మీ. ఎత్తులో కటకాన్ని దాటి అవతలి నాభి గుండా దిగింది. దృక్ కేంద్రం కిరణం తిన్నగా పోయింది. ఇవతలి నాభి గుండా వచ్చిన కిరణం 2 సెం.మీ. కింద కటకాన్ని తాకి సమాంతరంగా పోయింది. మూడూ అవతల 15 సెం.మీ. దగ్గర, 2 సెం.మీ. కింద కలిశాయి. నిజ ప్రతిబింబం, తలకిందులు, సగం.

కటకం పై సగానికి నల్ల కాగితం అంటిస్తే ప్రతిబింబం సగమే పడుతుందా? పడదు, పూర్తిగానే పడుతుంది. బొమ్మలో సమాంతర కిరణం ఆగిపోయింది నిజమే, కానీ మనం గీసిన మూడు కిరణాలూ గీయడానికి సులువని ఎంచుకున్నవి మాత్రమే. వస్తువు కొన నుంచి కటకం ప్రతి చోటికీ వెలుగు వస్తూనే ఉంటుంది, కింది సగంలోంచి పోయే ప్రతి కిరణమూ ఆ 15 సెం.మీ. బిందువుకే చేరుతుంది. వస్తువు మొదలుకీ మధ్యకీ ఇదే లెక్క. తగ్గేది వెలుగు మాత్రమే, సుమారు సగానికి. దీన్ని చూపించడానికి కింది సగంలోంచి పోయే ఇంకో రెండు కిరణాలు నీలం పెన్నుతో అదనంగా గీశాను, నల్ల కాగితం దగ్గర ఆగిన కిరణానికి అడ్డంగా చిన్న గీత పెట్టాను.