ఫిబ్రవరి 22 నుంచి మార్చి 7 వరకు నేను ఊళ్లో ఉండను, ఈ మెయిల్ ఒక్కసారి పూర్తిగా చదవండి

నమస్కారం అండీ,

విషయం ముందే చెప్పేస్తా. ఫిబ్రవరి 22 ఆదివారం అమ్మను తీసుకుని కాశీ బయల్దేరుతున్నా. మార్చి 7 శనివారం రాత్రికి గుంటూరు వచ్చేస్తా, 9 సోమవారం పొద్దున పదింటికి బ్రాడీపేట ఆఫీసులో మామూలుగానే ఉంటా. ఈ మధ్యలో ఆఫీసు మూయడం లేదు, ఉండనిది నేనొక్కణ్నే.

రెండు వారాలా అని అప్పుడే ముగ్గురు అడిగారు. కాశీ వెళ్తే తొమ్మిది రాత్రులు నిద్ర చేయాల్సిందేనని అమ్మ పట్టు, ఆ తర్వాత గయలో నాన్నగారికి పిండప్రదానం, రానూపోనూ రైలు, కలిపితే అన్ని రోజులూ అవుతాయి. నాలుగేళ్లుగా "ఈ రిటర్న్ ఒక్కటి అవనీ అమ్మా" అంటూ నెట్టుకొచ్చా, రిటర్న్‌లు ఎప్పటికీ అయ్యేవి కావని ఆవిడకూ తెలిసిపోయింది. మిర్చి సీజన్లో వెళ్తున్నాడేంటని యార్డు వాళ్లు గొణుక్కుంటారని తెలుసు. ఎండలు ముదిరితే అమ్మ తట్టుకోలేదు, మార్చి ఆఖర్లో అయితే మీరే నన్ను కదలనివ్వరు. 20వ తేదీ దాటాక, మళ్లీ 11 రాకముందు, నాకు దొరికే సందు అదొక్కటే.

జనవరి జీఎస్టీఆర్-1లు అందరివీ నిన్నటితో అయిపోయాయి. 3బీలు 20 వరకు ఆగకుండా 18కల్లా వేసేద్దామని చూస్తున్నా. కాబట్టి కొనుగోలు బిల్లులు ఇంకా ఇవ్వనివాళ్లు (ఐదుగురున్నారు, ఎవరో మీకే తెలుసు) 16 సాయంత్రంలోగా పంపండి. 2బీలో కనిపించని బిల్లులకు క్రెడిట్ తీసుకోలేమని మీకు చాలాసార్లు చెప్పా, ఆ సప్లయర్‌కి ఫోన్ చేయాల్సింది మీరే.

నేను లేనప్పుడు పనంతా సుజాత చూస్తుంది. ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది, మీలో చాలామంది ఖాతాలు నాకంటే తనకే బాగా తెలుసు. మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్లకి 25లోపు కట్టాల్సిన పీఎంటీ-06 చలానా తనే తయారుచేసి మీ వాట్సాప్‌కి పంపుతుంది, చూసుకుని మీ నెట్ బ్యాంకింగ్‌లో కట్టేయండి. టీడీఎస్ కట్టేవాళ్లకి మార్చి 7 గడువు, శనివారం పడింది, దాన్ని ఆఖరి రోజుకి పెట్టుకోకుండా 5నే కట్టించమని చెప్పా. ఫిబ్రవరి అమ్మకాల బిల్లులు మార్చి 5కల్లా సుజాతకి చేరితే, నేను వచ్చాక ఒకసారి చూసి 11లోపు జీఎస్టీఆర్-1 వేసేస్తాం. 10వ తేదీ రాత్రి ఫోటోలు తీసి పంపేవాళ్లు ఈసారికి ఆ అలవాటు మానుకోవాలి, దయచేసి. అడ్వాన్స్ ట్యాక్స్ ఆఖరి వాయిదా, పీఎఫ్, ఈఎస్ఐ మార్చి 15కి కాబట్టి అవి నేనొచ్చాకే, వాటి గురించి ఇప్పట్నుంచీ టెన్షన్ పడకండి.

ఓటీపీల సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. మీలో సగం మంది జీఎస్టీ రిజిస్ట్రేషన్లో మన ఆఫీసు మొబైలే ఇచ్చారు. అందుకే ఆ ఫోను నాతో తీసుకెళ్లడం లేదు, సుజాత చేతిలోనే ఉంటుంది, రాత్రి ఇంటికి కూడా తీసుకెళ్తుంది. మిగతా సగం మందికి ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది, అంటే సుజాత ఫోన్ చేసినప్పుడు ఎత్తాలి, గంట తర్వాత చూసి చెప్తే అది పనికిరాదు. ఇంకో మాట, ఓటీపీ అడిగేది ఆఫీసు నంబరు నుంచి మాత్రమే, ఏ నెలది, ఏ రిటర్న్ అన్నది తనే ముందు చెప్పి అడుగుతుంది. వేరే నంబరు నుంచి "రవి గారు కాశీలో ఉన్నారు కదా, మీ ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా అంటే పెట్టేయండి.

ఇక అర్జెంటు అయితే ఎవరికి చేయాలి? కొత్త నంబరు ఇస్తే ఎవరూ సేవ్ చేసుకోరు, మనకది అనుభవమే. కాబట్టి మీ దగ్గరున్న ఆఫీసు మొబైలే, రసీదుల మీద ఉండే నంబరే, అర్జెంటు నంబరు కూడా. పొద్దున ఏడు నుంచి రాత్రి పది వరకు సుజాత ఎత్తుతుంది. తన వల్ల కాని పనైతే వెంటనే ప్రసాద్ గారిని కాన్ఫరెన్స్‌లో కలుపుతుంది. ఆయన అరండల్‌పేటలో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నారు, నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. మీ ఫైళ్లేవీ ఆయనకి ఇవ్వలేదు, అవసరం పడితే మిమ్మల్ని అడిగాకే ఆ ఒక్క కాగితం చూపిస్తాం.

అర్జెంటు అంటే ఏమిటో కూడా చెప్తా, ఎందుకంటే పోయినేడు మా బావమరిది పెళ్లికి రెండు రోజులు వెళ్తే జరిగింది ఇదే. మన క్లయింటు ఒకరి సరుకుతో వెళ్తున్న లారీ దారిలో చెడిపోయింది, సరుకు ఇంకో లారీలోకి ఎక్కించారు, ఈ-వే బిల్లు పార్ట్-బీలో బండి నంబరు మార్చాలని ఎవరికీ తట్టలేదు. చెకింగ్‌లో పట్టుకున్నారు. ఆయన నాకు పదిహేనుసార్లు ఫోన్ చేశారు, నా ఫోను కల్యాణ మంటపంలో చొక్కా జేబులో సైలెంట్‌లో ఉంది. తప్పు నాది, ఇంకో మనిషి నంబరు ఇచ్చి వెళ్లలేదు. సరుకు ఆపితే యజమాని ముందుకొచ్చినా పెనాల్టీ పన్నుకి రెట్టింపు, ఒక్క ఫోన్ ఎత్తి ఉంటే అయిపోయే పని.

కాబట్టి లారీ ఆగితే అర్ధరాత్రయినా సరే చేయండి, పది దాటిందని ఆగొద్దు. బండి మారితే కదిలేముందే చేయండి. ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన నడుస్తుంది, గడువు పెంచుకోవాలంటే అది అయిపోవడానికి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలు, అంతే సమయం. ఇన్‌వాయిస్ తప్పు కొడితే ఐఆర్ఎన్ రద్దు చేయడానికి 24 గంటలే. ఆఫీసర్లు షాపుకి వస్తే అదీ అర్జెంటే, ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టకండి. నోటీసులు సుజాత సోమ, గురువారాలు పోర్టల్లో అందరివీ తెరిచి చూస్తుంది. రిజిస్ట్రేషన్ రద్దు నోటీసుకి 7 పనిదినాలే గడువు కాబట్టి అది నాకు ఆ రోజే తెలుస్తుంది, ఏఎస్ఎంటీ-10కి 30 రోజులుంటాయి, నేనొచ్చాక కూర్చుందాం.

రిఫండ్ ఎప్పుడు పడుతుంది, కొత్త కారు కంపెనీ పేరు మీద కొనొచ్చా, మా బావగారి అబ్బాయికి లోన్ కోసం ఐటీఆర్ కావాలి, ఇవి అర్జెంటు కాదు. ఈ మెయిల్‌కే జవాబుగా రాయండి, 9న వరసగా చూస్తా.

నా సొంత ఫోను రాత్రి ఎనిమిదికి ఒకసారి తెరుస్తా, సుజాత మెసేజ్‌ల వరకే. కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలిపెట్టాలి కదా, అమ్మ కాకరకాయా, వంకాయా అని ఆలోచిస్తోంది. వంకాయ వదిలితే ఇంట్లో అందరం చిక్కుల్లో పడతాం. నన్ను ఫోను వదలమంటోంది.

గంగ చెంబులు కావాల్సినవాళ్లు 20లోపు సుజాతకి చెప్పి రాయించుకోండి. ఇప్పటికే పదకొండు అయ్యాయి, ఇరవై దాటితే నేను మోయలేను.

ఉంటానండీ,
రవికుమార్
జీఎస్టీ ప్రాక్టీషనర్, బ్రాడీపేట, గుంటూరు