బుధవారం పాఠం రికార్డింగులో ఒక ముఖాన్ని మసకబరచడం గురించి

పదవ తరగతి బి సెక్షన్ విద్యార్థులకు,

బుధవారం ప్రయోగశాలలో మనం కుంభాకార కటకంతో చేసిన ప్రయోగం రికార్డింగును, ఆ రోజు బడికి రాలేకపోయిన వారి కోసమూ మళ్లీ చూసుకోవాలనుకునే వారి కోసమూ గురువారం సాయంత్రం తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందులో సుమారు ఏడు నిమిషాల పాటు మీ సహాధ్యాయి ఒకరి ముఖం మసకగా కనిపిస్తుంది. ఎందుకని మీలో చాలామంది అడిగారు. కొందరు నన్ను కలిసి అడిగారు, కొందరు గ్రూపులోనే రాశారు, ఒకరు ఆ దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి చుట్టూ ఎర్రటి గీత గీసి పంపారు. కళ్లకు కనబడిన దాని గురించి అడగడం తప్పు కాదు కాబట్టి, అందరికీ ఒకేసారి తెలిసేలా ఇది రాస్తున్నాను.

తమ ముఖం వీడియోలో ఉండకూడదని ఆ విద్యార్థీ, ఇంటి పెద్దలూ నన్ను కోరారు. కోరారు కాబట్టి మసకబరిచాను. ఎందుకు కోరారని నేను వారిని అడగలేదు, మీరు కూడా అడగవద్దు. ఒకరి ముఖాన్ని నలుగురిలో తిరిగే వీడియోలో ఉంచాలా వద్దా అన్నది ఆ ముఖం ఎవరిదో వారు నిర్ణయించుకోవలసిన సంగతి. అందుకు వారు మనకు సంజాయిషీ ఇచ్చుకోనక్కర లేదు. ఎవరికైనా ఫోటో దిగడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదన్న మాట ఒక్కటే చాలు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గ్రూపులో ఒకరు "ఏదో తప్పు చేసి ఉంటారు, అందుకే దాచారు" అని రాశారు. టీవీ వార్తల్లో మసకబరచిన ముఖాలు చూసి చూసి మనకు అలా అనిపిస్తుందేమో. కానీ అక్కడ కూడా పిల్లల ముఖాలు చూపించనిది వాళ్లు దోషులని కాదు, వాళ్లకు హాని జరగకూడదని. మన తరగతిలో జరిగినది అంతకంటే చిన్న విషయం. ఆ విద్యార్థి ఏ తప్పూ చేయలేదు, బడి ఏ చర్యా తీసుకోలేదు. ఒక విన్నపం వచ్చింది, దాన్ని మన్నించాము.

అలాంటప్పుడు ఆ ఏడు నిమిషాలనూ తీసేయవచ్చు కదా అని కూడా అడిగారు. తీసేయాలని మొదట నాకూ అనిపించింది. అయితే ఆ రోజు పాఠమంతటికీ మంచి ప్రశ్న వచ్చింది ఆ ఏడు నిమిషాల్లోనే. కటకాన్ని సగం వరకు నల్ల కాగితంతో మూసేస్తే తెర మీద కొవ్వొత్తి మంట కూడా సగమే కనిపించాలి కదా అని ఆ విద్యార్థి అడిగారు. మూసి చూశాము. మంట పూర్తిగానే కనిపించింది, వెలుగు మాత్రం తగ్గింది. మంట మీది ప్రతి బిందువు నుంచి వచ్చే కిరణాలు కటకం మొత్తం మీదా పడతాయి కాబట్టి, మిగిలిన సగమే ప్రతిబింబాన్ని పూర్తిగా ఏర్పరచగలదు. దాన్ని మీరు కళ్లారా చూడడం నేను నల్లబల్ల మీద పది పటాలు గీయడం కంటే మేలు. అందుకే ఆ భాగాన్ని ఉంచి, ముఖాన్ని మాత్రం కప్పాను.

ముఖాన్ని కప్పడమంటే ఒక్క మీట నొక్కడం అనుకున్నాను గానీ, పని ఒక రాత్రంతా పట్టింది. మనిషి తల తిప్పినప్పుడల్లా మసక ఒక చోట, ముఖం మరో చోట ఉండిపోయేవి. అలాంటి చోట్ల వీడియోను ఆపి ఆపి చేత్తో సరిచేయవలసి వచ్చింది. అంతా అయిందనుకుని ఇంకొకసారి చూస్తుంటే, వెనుక ఉన్న రసాయనాల బీరువా అద్దంలో అదే ముఖం చిన్నగా, స్పష్టంగా కనిపించింది. పరావర్తనం గురించి మీకు పాఠం చెప్పే నేనే దాన్ని మొదట గమనించలేదు. బీరువా అద్దం కూడా ఎందుకు మసకగా ఉందని ఇద్దరు అడిగారు. దానికి సమాధానం ఇదే. మధ్యలో రెండు చోట్ల నా గొంతు వినిపించకపోవడానికి కారణం, అక్కడ నేను ఆ విద్యార్థిని పేరు పెట్టి పిలవడం. ముఖం దాచి పేరు వినిపిస్తే దాచినట్టు కాదు. ఆ విద్యార్థి ప్రశ్నను కూడా అదే కారణంతో నా గొంతుతో తిరిగి చదివి చేర్చాను.

ఇందులో నా పొరపాటు ఒకటి ఉంది, దాన్ని మీకు చెప్పాలి. గురువారం సాయంత్రం హడావుడిలో మొదట మసకబరచని ప్రతిని గ్రూపులో పెట్టేశాను. ఇరవై నిమిషాల తర్వాత గుర్తించి, అందరికీ కనిపించకుండా తొలగించి, సరైన ప్రతిని పెట్టాను. గ్రూపులో తొలగించినంత మాత్రాన అప్పటికే ఎవరైనా వేరేగా దాచుకున్న, ఇంకొకరికి పంపిన ప్రతులు పోవు. ఆ విద్యార్థికీ ఇంటివారికీ నేను స్వయంగా క్షమాపణ చెప్పుకున్నాను. మీ ఫోనులోగాని, మీ ఇంట్లోవారి ఫోనులోగాని ఆ మొదటి ప్రతి ఉంటే ఈ రోజే తీసేయండి. ఎవరికైనా పంపి ఉంటే వారిచేత కూడా తీసేయించి, నాకు ఒక్క మాట చెప్పండి. చెప్పినవారిని నేను ఏమీ అనను, పంపడానికి వీలు కల్పించిన తప్పు ముందు నాది. ఎర్రగీత గీసిన స్క్రీన్‌షాట్‌ను కూడా తొలగించండి. దాచినదాన్ని వేలెత్తి చూపిస్తే, దాచకముందు కంటే ఎక్కువమంది చూపు దాని మీద పడుతుంది.

ఇది నా ఒక్కదాని పట్టింపు అనుకోకండి. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కులో భాగమని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి ఉండాలంటుంది. ఒకసారి ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కును కూడా ఇస్తుంది. మీరంతా ఆ వయసులోపు వారే. ఏడాది మొదట్లో మీ ఇళ్ల నుంచి సంతకాలు తీసుకున్న మాట నిజమే గానీ, ఆ కాగితంలో బడి వేడుకల ఫోటోల సంగతే ఉంది, పాఠాల రికార్డింగు మాట లేదు. అది నేను ముందే చూసుకోవలసింది.

అందుకని సోమవారం మీలో ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇస్తాను. పాఠాల వీడియోలో మీ ముఖం, గొంతు, పేరు ఉండవచ్చునో లేదో విడివిడిగా గుర్తు పెట్టి, ఇంట్లో సంతకం చేయించి, మడిచి నా చేతికే ఇవ్వండి. మీరు ఏం రాశారో పక్కవారికి చూపించనక్కర లేదు. తర్వాత మనసు మారితే ఎప్పుడైనా వచ్చి చెప్పవచ్చు. వద్దన్నవారిని వేరే బెంచీలో కూర్చోబెట్టే ఆలోచన నాకు లేదు. అలా చేస్తే ఎవరు వద్దన్నారో గది మొత్తానికీ చాటినట్టే. దానికి బదులు ఇక మీదట కెమెరాను ప్రయోగం బల్ల మీదికి వంచి, చేతులు, కటకం, తెర మాత్రమే కనిపించేలా పెడతాను.

గ్రూపులో ఇప్పుడు ఉన్న ప్రతినే చూడండి. సగం మూసిన కటకం మీద మరునాటి తరగతిలో నేనిచ్చిన రెండు ప్రశ్నలకు సమాధానాలను మంగళవారం నోటుపుస్తకంలో చూస్తాను.

మీ భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు