ఎర్రమట్టి దిబ్బల వ్యాసం: కొత్తగా చేర్చిన పూర్వపక్షం, సమాధానం

మాస్టారికి నమస్కారం.

నా వ్యాసం అంచున మీరు ఎర్ర సిరాతో "అవతలివాడు ఎక్కడ?" అని రాసింది చూసి మొదట కొంచెం ఉడుక్కున్నాను. రెండు రోజుల తరువాత మళ్లీ చదివితే, నాలుగు పేజీల్లోనూ నేనొక్కణ్ణే మాట్లాడుతున్నానని తెలిసింది. అవతలివాడికి మాట్లాడే అవకాశం ఇచ్చేసరికి, దిబ్బల్లోకి ఎవరినీ అడుగుపెట్టనివ్వరాదన్న నా ముగింపు కూడా నిలబడలేదు. అందుకే మూడో పేరా తరువాత రెండు కొత్త పేరాలు చేర్చి, చివరి పేరాను మార్చాను. అతుకు ఎలా కుదిరిందో మీరు చూడడానికి వీలుగా మూడో పేరాను కూడా ఇక్కడ రాశాను.

మూడో పేరా (పాతదే)

విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య సముద్రతీరాన ఉన్న ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. ఇసుక రేణువులకు పట్టిన ఇనుము ఆక్సైడ్ వల్లనే ఈ ఎరుపు. వేల ఏళ్ల పాటు సముద్రం, గాలి, వాన ఎలా మారుతూ వచ్చాయో ఈ పొరల్లో చదువుకోవచ్చు. అటువంటి చోట సెలవు రోజుల్లో జనం దిబ్బలెక్కి జారుతున్నారు, పేర్లు చెక్కుతున్నారు.

నాలుగో పేరా (కొత్తది)

దిబ్బల్లోకి జనాన్ని రానివ్వరాదంటే ఎదురు చెప్పేవారి మాట కొట్టిపారేయదగినది కాదు. ఈ దిబ్బల మధ్య లోయలను తవ్వింది మనుషులు కాదు, వాన నీరు. మనం చూసి మురిసిపోయే ఆ వంకరటింకర గోడలన్నీ కోత వల్ల ఏర్పడ్డవే. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుఫాను ముందు పిక్నిక్‌కు వచ్చిన పిల్లల పాదాలు ఏపాటివి? ఎలాగూ కరిగిపోయేదాని చుట్టూ కంచె వేసి లాభమేమిటని వారి ప్రశ్న. ఇంతకంటే బరువైన మాట మరొకటి ఉంది. సందర్శకులు రాకపోతే దారి పక్కన కొబ్బరిబొండాలు, ముంజలు అమ్ముకునేవారి సంగతేమిటి? వారసత్వం పేరు చెప్పి నగరంలో కూర్చున్న చదువుకున్నవాళ్లు తీర్మానం చేస్తే, ఆ ఖర్చు మాత్రం ఊరివాళ్లు భరించాలా? ఈ రెండో ప్రశ్నకు నా మొదటి వ్యాసంలో జవాబు లేదు.

ఐదో పేరా (కొత్తది)

వాన కోస్తుందన్నది నిజమే. కానీ తాతగారు ఎలాగూ ఎంతో కాలం ఉండరని ఎవరూ మందులు మాన్పించరు. పైగా వాన కోతకూ మన కోతకూ పోలిక లేదు. ఎండకు గట్టిపడిన పైపొర, దాన్ని పట్టుకున్న పొదల వేళ్లు ఉన్నంతవరకు వాన నెమ్మదిగా పనిచేస్తుంది. కాళ్లు ఆ పొరను చిదిమాక తరువాతి జల్లు వదులైన ఇసుకను సులువుగా ఈడ్చుకుపోతుంది. ఎగువన యంత్రంతో నేల చదును చేస్తే నీటి దారే మారిపోతుంది. పోయిన ఇసుక తిరిగి చేరదా అంటే, ఆ అవకాశమూ లేదు. సుమారు 20,000 ఏళ్ల కిందట, హిమయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పుడు బయటపడి ఉన్న తీరం నేడు నీటి అడుగున ఉంది. అక్కడి ఇసుకను ఇక ఏ గాలీ ఇక్కడికి మోసుకురాజాలదు. ఇక జీవనోపాధి సంగతి. బొర్రా గుహల్లో సందర్శకులు కట్టిన దారి వెంటే నడుస్తారు. టికెట్టుంది, గైడ్లున్నారు, దారి పొడవునా కటకటాలున్నాయి. అంతమాత్రాన బయట బొంగు చికెన్ అమ్మేవారి పొయ్యి ఆరిపోలేదు. జనం వచ్చేది చూడడానికి. జారడానికి మాత్రమే వచ్చేవారు ఉంటే ఉండవచ్చు. స్కూలు పిక్నిక్‌లో జారినవాళ్లలో నేనూ ఒకణ్ణి కనుక అది ఎంత సరదాగా ఉంటుందో నాకు తెలుసు. ఆ సరదాకు తీరం పొడవునా మామూలు ఇసుక బోలెడుంది.

చివరి పేరా (మార్చినది)

కాబట్టి దిబ్బల్లోకి ఎవరినీ అడుగుపెట్టనివ్వరాదని నేను కోరడం లేదు. అంచు వెంబడి చెక్కతో నడక దారి వేసి, దాన్ని దాటితే జరిమానా వేయాలి. దారి చూపే పని, టికెట్టు పని చుట్టుపక్కల ఊళ్ల యువతకే ఇవ్వాలి. ఎగువ వాలులో నేల చదును చేసే పనికి మాత్రం ఎంత చిన్న ముక్కకైనా అనుమతి ఉండకూడదు. అక్కడ నేను మెట్టు దిగలేదు, మాస్టారూ.