లిక్విడేటర్ ఆఖరి జమాఖర్చుల లెక్క: 2022 జులై 18 నుంచి 2025 మార్చి 31 వరకు

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ప్లాస్టిక్ మోల్డింగ్ పని చేసి మూతబడిన మన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కార్మికులకు, ఆఫీసు సిబ్బందికి, సరుకిచ్చిన వ్యాపారులకు, బ్యాంకుకు, వాటాదారులకు.

ట్రిబ్యునల్‌కి ఇంగ్లీషులో అఫిడవిట్‌తో వేసిన లెక్కా ఇదీ ఒకటే, ఒక్క అంకె కూడా తేడా ఉండదు. తెలుగులో విడిగా ఎందుకు రాశానంటే, షెడ్డులో పనిచేసిన 19 మందిలో ఎక్కువమంది సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి రోజూ రైల్లో వచ్చిపోయినవాళ్లే. మూడేళ్ళుగా ఫోన్లో నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "సార్, ఎంతొచ్చింది, ఎవరికి పోయింది?" ఈ కాగితం నిండా దానికి జవాబే.

ఇద్దరు డైరెక్టర్లకు పడక కంపెనీ నడవడం ఆగిపోయింది. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 271 కింద ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ 2022 జులై 18న మూసివేత ఉత్తర్వు ఇచ్చి నన్ను లిక్విడేటర్‌గా వేసింది. కింద "ఉత్తర్వు తేదీ" అన్నచోటల్లా ఈ తేదీయే. బకాయిల వయసు లెక్క కూడా దీన్నుంచి వెనక్కే.

వచ్చిన డబ్బు

ఉత్తర్వు తేదీన బ్యాంకులో నిల్వ: రూ. 41,350
ఆరు మోల్డింగ్ మిషన్లు, జనరేటర్ (ఈ-వేలం): రూ. 52,00,000
డైలు: రూ. 6,40,000
గ్రాన్యూల్స్, తయారైన సరుకు: రూ. 4,85,000
ఫర్నిచర్, స్క్రాప్: రూ. 1,15,000
పై అమ్మకాల మీద కొన్నవాళ్ల దగ్గర వసూలైన జీఎస్‌టీ, 18 శాతం: రూ. 11,59,200
కస్టమర్ల బాకీల వసూళ్లు: రూ. 13,60,000
షెడ్డు ఓనర్ తిరిగిచ్చిన అడ్వాన్సు: రూ. 2,25,000
కరెంటు డిపాజిట్, బకాయి పోగా: రూ. 1,86,000
డైరెక్టర్ వెనక్కి కట్టినది: రూ. 3,50,000
ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, టీడీఎస్ పోగా: రూ. 2,28,650
మొత్తం జమ: రూ. 99,90,200

మిషన్లు చవగ్గా పోయాయని చాలామంది అన్నారు. మొదటి వేలానికి 65 లక్షలు కనీస ధర పెట్టాం, ఒక్కరూ రాలేదు. ట్రిబ్యునల్ అనుమతితో 50 లక్షలకు దించి రెండోసారి పెడితే ముగ్గురొచ్చారు, 52 దగ్గర ఆగింది. ఇంకా ఆగి ఉంటే ఎక్కువ వచ్చేదేమో, కానీ షెడ్డు అద్దె, వాచ్‌మన్ జీతం కలిపి నెలకు 69,000 పోతూనే ఉండేది. నేను ఆగదలచుకోలేదు.

కస్టమర్ల బాకీ పుస్తకాల్లో 31,75,000 ఉంది, చేతికొచ్చింది 13,60,000. రిజెక్ట్ అయిన పార్టుల పేరు మీద ఒక పెద్ద కస్టమర్ 9,20,000 కోసుకున్నాడు, డెబిట్ నోట్ల మీద కంపెనీ వాళ్ల సంతకాలే ఉన్నాయి కాబట్టి వాదించడానికి ఏమీ మిగల్లేదు. 6,05,000కు కాలదోషం పట్టింది. 2,90,000 బాకీ ఉన్న రెండు యూనిట్లు మనకంటే ముందే మూతబడ్డాయి.

షెడ్డు అడ్వాన్సు 6,00,000. అందులో ఉత్తర్వుకు ముందటి ఎనిమిది నెలల అద్దె 3,60,000, రిపేర్లకు 15,000 ఓనర్ పట్టుకుని మిగతాది ఇచ్చాడు.

కంపెనీ మూసివేత ఖర్చులు

వచ్చిన జీఎస్‌టీ 11,59,200 వచ్చినట్టే ప్రభుత్వానికి కట్టేశాం. అది మన డబ్బు కాదు, పక్కన పెట్టండి. పంచడానికి నిజంగా వచ్చింది 88,31,000. అందులోంచి ముందుగా పోయేది మూసివేత ఖర్చు, ఇది ఎవరి బాకీ కంటేనైనా ముందే.

షెడ్డు అద్దె, 14 నెలలు: రూ. 6,30,000
వాచ్‌మన్లు, 14 నెలలు: రూ. 3,36,000
వకీళ్ల ఫీజు, ఎక్కువ భాగం బాకీల వసూలు కేసులకు: రూ. 2,40,000
పేపర్ ప్రకటనలు, వేలం పోర్టల్ ఫీజు: రూ. 1,12,000
విలువ కట్టినవాళ్లకు: రూ. 90,000
ఆడిటర్: రూ. 75,000
పోస్టు, జిరాక్సు, ప్రయాణాలు, బ్యాంకు చార్జీలు: రూ. 38,400
లిక్విడేటర్ ఫీజు, ట్రిబ్యునల్ ఖరారు చేసిన మేరకు, పన్నుతో కలిపి: రూ. 6,00,000
ఆఖరి ఆడిట్, కంపెనీ రద్దు దరఖాస్తు ఖర్చు: రూ. 41,500
మొత్తం: రూ. 21,62,900

నా ఫీజు ఎక్కువంటారా, ఉత్తర్వు కాపీ నా దగ్గరుంది, వచ్చి చూసుకోవచ్చు.

కార్మికులు, బ్యాంకు (సెక్షన్ 326)

చట్టంలో అన్నిటికంటే పై వరస ఇదే. మిషన్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు, తాకట్టును విడిగా అమ్ముకోకుండా నాకే వదిలేసింది, దాన్ని కార్మికులతో సమాన వరసలో లెక్కలోకి తీసుకున్నాం. సమానమే అయినా ఒక మెలిక ఉంది: ఉత్తర్వుకు ముందు రెండేళ్ల లోపు జీతాలు, పరిహారం, సెలవు డబ్బులు మాత్రం తాకట్టు ఉన్నవాళ్లకంటే కూడా ముందు, ఆస్తి అమ్మిన 30 రోజుల్లో ఇచ్చేయాలి. మిషన్ల డబ్బు 2023 సెప్టెంబర్ 6న ఖాతాలో పడింది, 27న మీ ఖాతాల్లో వేశాను. అప్పుడు బ్యాంకు మేనేజర్ ఫోన్ చేసి "మాకు చెప్పకుండా ఎలా ఇస్తారు" అన్నాడు. సెక్షన్ చదివి వినిపించాక మళ్లీ చేయలేదు.

19 మంది జీతాలు, ఐదు నెలలవి: రూ. 14,82,000
మూసివేత పరిహారం: రూ. 10,41,250
వాడుకోని సెలవులు: రూ. 1,14,000
పీఎఫ్ బకాయి: రూ. 3,02,400
కార్మికుల మొత్తం: రూ. 29,39,650
బ్యాంకు, అసలు, ఉత్తర్వు తేదీ వరకు వడ్డీ: రూ. 21,60,000

గ్రాట్యుటీ ఈ లెక్కలో కనబడదు. దానికి కంపెనీ ముందే ఎల్ఐసీలో గ్రూపు పాలసీ కట్టింది, డబ్బు అక్కణ్ణుంచి నేరుగా మీకొచ్చింది. పాత మేనేజ్‌మెంట్ సవ్యంగా చేసిన పనుల్లో ఇదొకటి.

ఉత్తర్వు తేదీ తర్వాతి వడ్డీ కింద బ్యాంకు ఇంకో 4,12,000 అడిగింది. అందరి అసలూ తీరి ఇంకా మిగిలితేనే ఆ వడ్డీ మాట వస్తుంది, మనకు మిగలలేదు. ఒప్పుకోలేదు.

ప్రాధాన్య రుణదాతలు (సెక్షన్ 327)

పై ఇద్దరికీ పూర్తిగా ఇచ్చాక మిగిలినదాంట్లో, సరుకిచ్చిన వ్యాపారుల కంటే ముందు తీసుకునేది వీళ్లు. వీళ్లలో వీళ్లకు ముందూ వెనకా లేదు, డబ్బు చాలకపోతే అందరికీ ఒకే నిష్పత్తిలో కోత పడుతుంది. మనకు చాలింది. 2024 ఫిబ్రవరి 9న నూటికి నూరు ఇచ్చాం.

ఉత్తర్వుకు ముందు 12 నెలల్లో కట్టాల్సి వచ్చిన ప్రభుత్వ పన్నులు: రూ. 3,84,500
కార్పొరేషన్‌కు ప్రొఫెషనల్ టాక్స్: రూ. 28,500
ఈఎస్ఐ, 12 నెలలు: రూ. 61,450
ఆఫీసు సిబ్బంది ముగ్గురు, మూడు నెలల జీతం: రూ. 2,52,000
అదే ముగ్గురి దీపావళి నెల జీతానికి అప్పిచ్చిన వ్యక్తికి: రూ. 84,000
ఫ్యాక్టరీ మేనేజర్, నాలుగు నెలల జీతం: రూ. 2,08,000
మొత్తం: రూ. 10,18,450

ఆ 84,000 గురించి పెద్ద గొడవే అయింది. 2021 దీపావళికి ఆఫీసు వాళ్లకు జీతాలివ్వడానికి డబ్బు లేక, డైరెక్టర్ తోడల్లుడు ఇచ్చిన మొత్తమిది. "చుట్టానికి ముందు ఇచ్చి మమ్మల్ని వెనక్కి నెట్టారు" అని ముగ్గురు వ్యాపారులు ఉత్తరం రాశారు. చుట్టమా కాదా అన్నది చట్టానికి పట్టదు. జీతం ఇవ్వడానికే అని డబ్బిచ్చి, అది నిజంగా జీతంగానే పోయిందని తేలితే, ఉద్యోగికి ఉండే ప్రాధాన్యం ఇచ్చినవాడికి వస్తుంది. ఆయన ఖాతా నుంచి డబ్బు వచ్చిన రోజే ముగ్గురి జీతాలు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంది. ఆయనే ఆ తర్వాత రెసిన్ కొనడానికని ఇంకో 60,000 ఇచ్చానని అడిగాడు, కాగితం ముక్క లేదు, తోసేశాను.

మేనేజర్‌గారికి ఆరు నెలల జీతం రావాలి. ప్రాధాన్యం నాలుగు నెలలకే. మిగతా రెండు నెలలు, 1,04,000, మామూలు అప్పుల వరసలోకి దిగింది. ఆయన బాధ నాకర్థమైంది, పదమూడేళ్లు పనిచేశాడు, కానీ నెల పెంచే అధికారం నాకు లేదు. పన్నుల్లో 12 నెలలు దాటిన 2,40,000కూ ఇదే గతి పట్టింది.

మామూలు రుణదాతలు

ఇక మిగిలింది 5,50,000. ఒప్పుకున్న అప్పులు సరిగ్గా 50,00,000. అంటే రూపాయికి 11 పైసలు, 2024 ఆగస్టు 12న ఇచ్చాం.

సరుకిచ్చిన 14 మంది, అప్పు 34,56,000: ఇచ్చింది రూ. 3,80,160
డైరెక్టర్ అప్పు 12,00,000: ఇచ్చింది రూ. 1,32,000
పాత పన్నులు 2,40,000: ఇచ్చింది రూ. 26,400
మేనేజర్ 1,04,000: ఇచ్చింది రూ. 11,440

డైరెక్టర్‌కీ ఇచ్చారా అంటే, ఇచ్చాను. ఆయన తన డబ్బు కంపెనీలో పెట్టినట్టు ఖాతాల్లో ఉంది, అది అప్పే. అయితే ఒక కస్టమర్ చెక్కు 3,50,000 తన సొంత ఖాతాలో వేసుకున్నాడు, దాన్ని "నాకు రావాల్సిన 12 లక్షల్లో తగ్గించుకోండి" అన్నాడు. అలా కుదరదు. కంపెనీ సొమ్ము దారి మళ్లించినవాడు అది మొత్తం ముందు కట్టాలి, తర్వాత అందరితో పాటు 11 పైసల కోసం నిలబడాలి. తగ్గించుకోనిచ్చి ఉంటే ఆయనకు ఆ మూడున్నర లక్షలు రూపాయికి రూపాయి దక్కేవి, కోత వ్యాపారుల మీద పడేది.

వాటాదారులకు ఏమీ లేదు. 25 లక్షల మూలధనం పూర్తిగా పోయింది.

తీసుకోని డబ్బు, మిగులు

గల్ఫ్ వెళ్లిన ఒక కార్మికుడి 1,28,600, అడ్రసు దొరకని ఇద్దరు వ్యాపారుల 23,980, కలిపి 1,52,580 ఎవరూ తీసుకోలేదు. ఇది పైన ఇచ్చిన మొత్తాల్లో కలిసే ఉంది, విడి ఖర్చు కాదు. ఆరు నెలలు దాటాయి కాబట్టి సెక్షన్ 352 ప్రకారం, పంచకుండా మిగిలిన డబ్బు కోసం ఉండే ప్రత్యేక ఖాతాలో 2025 మార్చి 3న వేశాను. హక్కు పోలేదు. ఆ కార్మికుడి ఊరివాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆయనకు కబురు పెట్టండి. పదిహేనేళ్లలోపు రుజువు చూపి దరఖాస్తు చేసుకుంటే వస్తుంది, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ ఖజానాకు పోతుంది.

మొత్తం జమ: రూ. 99,90,200
మొత్తం ఖర్చు, చెల్లింపులు: రూ. 99,90,200
2025 మార్చి 31న చేతిలో నిల్వ: సున్నా

లిక్విడేషన్ ఖాతా మూసేశాను. వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వేలం కాగితాలు ఆడిటర్ చూసి సంతకం పెట్టాడు. సెక్షన్ 302 కింద కంపెనీ రద్దుకు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేశాను. ఈ లెక్కలో దేనిమీదైనా అభ్యంతరం ఉంటే ఆ దరఖాస్తు విచారణకు వచ్చేలోపు రాసి నాకివ్వండి, ట్రిబ్యునల్ ముందు పెడతాను. ఫోన్లో చెబితే రికార్డులోకి రాదు.

చెన్నై, 2025 ఏప్రిల్ 7
సంతకం
కంపెనీ లిక్విడేటర్